నిలకడ లేని కుర్రవాడు, పట్టరాని కోపం: ఏడీహెచ్‌డీనా, బైపోలార్ రుగ్మతా?

ఆదోని వైపు ఒక పల్లెలో పత్తి, వేరుశనగ సాగు చేసే ఒక తండ్రి, వినాయక చవితికి వారం ముందు, తన పదహారేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని కర్నూలులో నా దగ్గరికి వచ్చారు. ఆయన చేతి సంచిలో మూడు రకాల కాగితాలున్నాయి. మొదటిది ఆ అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న రెసిడెన్షియల్ కాలేజీ వారు రాసిచ్చినది: స్టడీ అవర్‌లో కూర్చోడు, పక్కవారిని చదవనివ్వడు, లెక్చరర్‌కు ఎదురు మాట్లాడుతాడు, తోటి విద్యార్థిని కొట్టాడు. రెండవది అంతకు రెండు వారాల ముందు మరొక చోట చూపించినప్పటి మందుల చీటీ. అందులో ఏడీహెచ్‌డీ అని రాసి, ఉదయం పూట పది మిల్లీగ్రాముల మిథైల్‌ఫెనిడేట్ మాత్ర ఇచ్చారు. మూడవది ఆ కుర్రవాడు జిల్లా కలెక్టర్‌కు స్వయంగా రాసుకున్న పన్నెండు పేజీల అర్జీ. దాని సంగతి తర్వాత చెబుతాను. ఈ కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలను మార్చాను. లక్షణాల వరుసను మాత్రం మార్చలేదు, ఎందుకంటే ఈ వ్యాసానికి ఆ వరుసే ఆధారం.

కాలేజీ వారి కాగితాన్ని మాత్రమే చదివితే ఏడీహెచ్‌డీ, అంటే చిన్నతనం నుంచే ఉండే అవధాన లోపం, అతి చురుకుదనం అని రాసినవారిని తప్పు పట్టలేము. నిలకడ లేకపోవడం, ధ్యాస చెదరడం, అతిగా మాట్లాడటం, చిన్న మాటకే కోపం రావడం, ముందు వెనుక చూడకుండా పని చేయడం ఏడీహెచ్‌డీలోనూ కనిపిస్తాయి, కుంగుబాటూ ఉద్రేకమూ దశలు దశలుగా వచ్చే బైపోలార్ రుగ్మతలో మేనియా అనే ఉద్రేక దశలోనూ కనిపిస్తాయి. అందువల్ల ఈ ఐదింటిని ఎంత లోతుగా పరిశీలించినా రెండింటి మధ్య తేడా తేలదు. ఇంటివారు ఎక్కువగా చెప్పేదీ, మమ్మల్ని ఎక్కువగా తప్పుదారి పట్టించేదీ కోపమే. అమెరికాలో బార్బరా గెల్లర్ బృందం బైపోలార్ ఉన్న పిల్లలనూ ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలనూ పక్కపక్కన పెట్టి పరిశీలించి 2002లో ప్రచురించిన ఫలితాల్లో, చిరాకు రెండు గుంపుల్లోనూ అధిక సంఖ్యాకుల్లో కనిపించింది. కారణం లేని ఉల్లాసం, తనను తాను మహానుభావుడిగా భావించడం, ఆలోచనలు పరుగెత్తడం, నిద్ర అవసరమే తగ్గిపోవడం, వయసుకు మించిన లైంగిక ఆసక్తి అనే ఐదు లక్షణాలే ఆ రెండు గుంపులనూ వేరు చేశాయి. ఇంటివారు మాత్రం ఈ ఐదింటిని జబ్బుగా భావించరు కాబట్టి, మనం అడిగితే తప్ప చెప్పరు.

మొదట అడగవలసింది "ఎప్పటి నుంచి" అని

ఈ రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి నాకు ఒకే ఒక్క ప్రశ్న అడిగే వీలుంటే, "పోయిన సంవత్సరం ఇదే రోజుల్లో ఈ పిల్లవాడు ఎలా ఉండేవాడు?" అని అడుగుతాను. ఏడీహెచ్‌డీ అనేది పిల్లవాడి స్వభావంలో మొదటి నుంచీ కలిసి ఉండే తీరు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎమ్-5 అనే నిర్ధారణ ప్రమాణాల ప్రకారం దాని లక్షణాల్లో కొన్నయినా పన్నెండేళ్ళలోపే కనిపించి ఉండాలి, అవి ఇంట్లో, బడిలో, ఆటల్లో కనీసం రెండు చోట్ల ఇబ్బంది పెట్టాలి. మేనియా మాత్రం ఒక మార్పు. అంతవరకూ ఒక విధంగా ఉన్న మనిషి కొద్ది రోజుల్లో మరొక మనిషి అయిపోతాడు. ఆ స్థితి కనీసం వారం పాటు, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం ఉంటుంది. తీవ్రత తక్కువగా ఉండే హైపోమేనియాకు నాలుగు రోజులు చాలు. ఆ దశ దిగిపోయాక, ముఖ్యంగా తొలినాళ్ళలో, పిల్లవాడు చాలావరకు మునుపటి మనిషి అవుతాడు.

ఆ తండ్రి ఒక్క వాక్యంలో చెప్పేశారు: "మావాడు చిన్నప్పట్నించి ఇట్లాంటోడు గాదు సార్, ఈ రెండు నెల్లలోనే ఇట్లయిపాయ." ఈ మాట విని ఊరుకోకూడదు, దాన్ని సరిచూడాలి. పదవ తరగతిలో 600కు 540 మార్కులు వచ్చాయి. ఏడవ తరగతి నాటి నోటుపుస్తకం ఇంట్లో ఉంటే తెమ్మన్నాను; మార్జిన్ గీసి, తేదీలు వేసి, గుండ్రని అక్షరాలతో చివరి పేజీ వరకు ఒకే తీరుగా రాసి ఉంది. ప్రాథమిక పాఠశాలలో పెన్సిళ్ళు పోగొట్టుకున్నాడనిగానీ, తరగతిలో లేచి తిరిగాడనిగానీ ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. మార్కులొక్కటే ఆధారం కాదు, తెలివైన పిల్లలు ఏడీహెచ్‌డీ ఉన్నా చాలాకాలం నెట్టుకొస్తారు. నోటుపుస్తకాన్ని మాత్రం నేను ఎక్కువగా నమ్ముతాను, ఎందుకంటే పరీక్షకు ముందు రోజు రాత్రి కష్టపడి మార్కులు తెచ్చుకోవచ్చుగానీ ఏడాది పొడవునా గీసిన మార్జిన్లను ఒక్క రాత్రిలో గీయలేరు.

తర్వాత నెలల వారీగా కాలక్రమం గీశాము. తేదీలు అడిగితే పల్లె నుంచి వచ్చినవారు తడబడతారు. పండుగలు, పొలం పనుల చొప్పున అడిగితే కచ్చితంగా చెబుతారు. పరీక్షలు రాసి వచ్చాక, ఉగాది దాటినప్పటి నుంచి ఏరువాక పున్నమి దాకా, ఆ అబ్బాయి మంచం దిగలేదు. క్రికెట్‌కు పిలిస్తే పోలేదు, ఇష్టమైన ఉగ్గాని చేసి పెట్టినా రెండు ముద్దలు తిని లేచాడు, పగలంతా పడుకున్నాడు, ఎవరైనా పలకరిస్తే విసుక్కున్నాడు. పరీక్షల అలసట అనుకున్నారు, కొందరు బద్ధకం అన్నారు. జూన్‌లో కాలేజీలో చేరాక కొన్నాళ్ళు ఎవరి జోలికీ పోకుండా ఉన్నాడు. పత్తికి రెండోసారి కలుపు తీసే రోజులకు, అంటే జులై చివరికి, హాస్టల్ నుంచి మొదటి ఫోన్ వచ్చింది. కాగితం మీద ఈ రేఖ మొదట రెండు నెలలు కిందికి దిగి, కొన్నాళ్ళు సమంగా నడిచి, తర్వాత ఒక్కసారిగా పైకి లేచింది. ఏడీహెచ్‌డీ అయితే చిన్నతనం నుంచి దాదాపు ఒకే ఎత్తులో సాగే గతుకుల రోడ్డులా ఉంటుంది, ఇలా లోయ, కొండ కనిపించవు. బైపోలార్ రుగ్మత యుక్తవయసులో మొదలైనప్పుడు చాలామందిలో ముందుగా వచ్చేది కుంగుబాటే. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోనందువల్ల తర్వాత వచ్చిన ఉద్రేకం ఒక్కటే కనిపించి పొరపాటు జరుగుతుంది.

నిద్ర సంగతి కొంచెం నింపాదిగా చూడాలి

"నిద్ర సరిగా పోవడం లేదు" అనే మాట రెండు జబ్బుల్లోనూ వినిపిస్తుంది. దాని అర్థం మాత్రం రెండు చోట్లా ఒకటి కాదు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లవాడికి పడుకోవడమే కష్టం. ఫోనో, ఆలోచనలో, అటూ ఇటూ పొర్లడమో, పన్నెండు దాటిస్తాడు. పొద్దున లేపడానికి తల్లికి గంట పడుతుంది, మొదటి పీరియడ్‌లో ఆవలిస్తాడు, ఆదివారం వస్తే మధ్యాహ్నం దాకా లేవడు. అంటే అతనికి నిద్ర కావాలి, అది అందడం లేదు. మేనియాలో నిద్ర అవసరమే తగ్గిపోతుంది. మూడు గంటలు పడుకొని లేచినవాడు అలసిపోయినట్టు కనిపించడు, పగలు కునుకు తీయడు, మరుసటి రాత్రి కూడా అంతే పడుకొని అదే ఉత్సాహంతో తిరుగుతాడు. అందుకే "రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడు" అన్న ప్రశ్న సగం ప్రశ్న మాత్రమే, "మరుసటి పగలు ఎలా ఉన్నాడు" అన్నది మిగిలిన సగం.

మన కర్నూలు, కడప, అనంతపురం రెసిడెన్షియల్ కాలేజీల విషయంలో ఈ రెండవ సగం మరీ అవసరం. తెల్లవారుజామున లేపి రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టే చోట ఏ పిల్లవాడైనా నిద్ర చాలక చిరాకు పడతాడు, పాఠం మీద ధ్యాస నిలపలేడు. దానికి జబ్బు పేరు పెట్టనక్కరలేదు. అలాంటి పిల్లవాడు సెలవులకు ఇంటికి వస్తే రెండు మూడు రోజులు ఒళ్ళు తెలియకుండా పడుకొని, నాలుగో రోజుకు మామూలు మనిషి అవుతాడు.

మన అబ్బాయి ఇంటికి వచ్చాకా పడుకోలేదు. తల్లి మాటల్లోనే చెప్పాలంటే, "మూడు గంటలకే లేసి బోరు కాడికి పోయి మోటరేసి, కళ్ళమంతా ఊడ్సి, మళ్ళొచ్చి రాసుకుంటా కూర్చుంటాడు సార్, పగులంతా కన్ను మూసేకే లేదు." ఇలా పదకొండు రోజులు గడిచాయి. ఆ రాతే సంచిలో ఉన్న మూడవ కాగితం.

అర్జీలో ఏముంది

తుంగభద్ర నీటిని తమ ఊరి చెరువుకు ఎత్తిపోసే పథకం తన దగ్గర ఉందని, ఇంజినీర్లకు ఇన్నేళ్ళుగా అంతు పట్టనిది తనకు ఒక్క రాత్రిలో తట్టిందని, తనకు వెంటనే ఒక జీపు, ఇద్దరు గుమాస్తాలు ఇవ్వాలని ఆ అర్జీ సారాంశం. మొదటి పేజీ బాగానే ఉంది. చదువుకున్న రాయలసీమ పిల్లవాడు ఎవరైనా నీళ్ళ గురించి అలా ఆవేశపడవచ్చు. మూడవ పేజీకి అక్షరాలు పెద్దవయ్యాయి, గీతలు దాటాయి. తుంగ నుంచి గంగకు, గంగ నుంచి రంగకు, రంగ అనే తరగతి మిత్రుడి రోల్ నంబరుకు, ఆ నంబరు నుంచి ఒక క్రికెట్ స్కోరుకు వాక్యాలు దూకాయి. చివరి పేజీలో సంతకం కింద "ముఖ్య శాస్త్రవేత్త" అని రాసుకున్నాడు. ఇంటికి రాకముందే, అర్జీలు తీసుకునే ఒక సోమవారం నాడు హాస్టల్ గోడ దూకి కలెక్టరేట్‌కు వెళ్ళి వరుసలో నిలబడ్డాడు. ముందు ఉన్నవారిని తోసుకొని పోతుంటే ఆపిన తోటి విద్యార్థినే కొట్టాడు. కాలేజీ వారి కాగితంలో కొట్టిన సంగతి ఉందిగానీ, ఎక్కడ కొట్టాడో, ఎందుకు కొట్టాడో లేదు.

ఈ పన్నెండు పేజీల్లో రెండు ఆనవాళ్ళు స్పష్టంగా ఉన్నాయి. ఒకటి, గొప్పతనపు భావన. ఏడీహెచ్‌డీ పిల్లలూ గొప్పలు చెబుతారు, "నేనే ఫస్ట్ వస్తా చూడు" అంటారు. అయితే ఎవరైనా నిలదీస్తే నవ్వేస్తారు లేదా సిగ్గుపడతారు, ఆ మాట మీద తర్వాతి రోజు పని చేయరు. మేనియాలో ఆ నమ్మకం నిజమైన నమ్మకం, దాని మీద మనిషి పని చేస్తాడు, గోడ దూకుతాడు, కాదన్నవారి మీద తిరగబడతాడు. చాలా సందర్భాల్లో మేనియాలోని కోపం ఇలా పుట్టిందే: ఉల్లాసానికి అడ్డు వచ్చినప్పుడు అది కోపంగా మారుతుంది. రెండవది, ఆలోచనల పరుగు. ఏడీహెచ్‌డీలో మాట మధ్యలో తెగి మరొక విషయం మీదికి పోతుంది, కిటికీ బయట కుక్క కనిపిస్తే కుక్క మీదికి పోతుంది, "ఏదో చెప్తాంటివే" అని గుర్తు చేస్తే వెనక్కి వస్తాడు. మేనియాలో దూకుడు లోపలి నుంచే వస్తుంది, ప్రాసలూ పోలికలూ పట్టుకొని ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతుంది, వెనక్కి పిలిచినా రాడు. ఆ అబ్బాయిని అడిగితే, "తలకాయలో పది టీవీలు ఒక్కసారే నడుస్తాండాయి సార్, అన్నీ నాకర్థమవుతాండాయి" అన్నాడు. ఏడీహెచ్‌డీ పిల్లలు కూడా టీవీల పోలిక చెబుతారు, కానీ వారికి అది విసుగు. ఇతని ముఖంలో ఆనందం ఉంది.

లైంగిక ఆసక్తి గురించి తల్లిదండ్రుల ముందు అడగకూడదు, పిల్లవాడిని విడిగా కూర్చోబెట్టి అడగాలి. అది హఠాత్తుగా పెరిగితే మేనియాను అనుమానించాలి. అయితే అంతకంటే ముందు, ఎవరైనా ఆ పిల్లవాడిని లేదా పిల్లను లైంగికంగా వేధించారా అన్నది తెలుసుకోవాలి. ఈ క్రమాన్ని తిరగేస్తే ఒక నేరం జబ్బు పేరు చాటున దాగిపోతుంది.

కుటుంబంలో "గాలి సోకినవారు"

మీ ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉందా అని అడిగితే ఇటువైపు దాదాపు అందరూ లేదనే చెబుతారు. అబద్ధం చెప్పాలని కాదు, వారి దృష్టిలో అది జబ్బు కాదు. నేను వేరే విధంగా అడుగుతాను: "మీ రెండు వైపుల వారిలో ఎవరైనా కొన్నాళ్ళు నిద్ర లేకుండా తిరిగి, డబ్బులు విచ్చలవిడిగా ఖర్చుపెట్టి, తర్వాత మంచం పట్టి, మళ్ళీ మామూలు అయినవారు ఉన్నారా?" తల్లి తల వంచుకొని తన తమ్ముడి పేరు చెప్పింది. రెండు మూడేళ్ళకు ఒకసారి ఆయనకు గాలి సోకుతుందని, ఒకసారి మందలోని గొర్రెలను సగం ధరకు అమ్మి ఊరందరికీ భోజనం పెట్టాడని, గుడి దగ్గర నలభై రోజులు ఉంచితే బాగయ్యాడని చెప్పింది. మేనియా దశ కొన్ని వారాలకో నెలలకో మందు లేకపోయినా దిగిపోగలదు కాబట్టి, బాగుచేసిన ఘనత ఆ సమయంలో ఎక్కడ ఉంటే అక్కడికి పోతుంది.

తల్లిదండ్రులలో లేదా తోబుట్టువులలో బైపోలార్ ఉంటే పిల్లవాడికి వచ్చే అవకాశం మిగతావారి కంటే అనేక రెట్లు ఎక్కువ. మేనమామ అంత దగ్గరి రక్తం కాకపోయినా ఆ చరిత్రకు బరువు ఉంది. అలాగని దానికి ఉన్న బరువుకు మించి ఇవ్వకూడదు. ఏడీహెచ్‌డీ కూడా గట్టిగా వంశపారంపర్యంగా వచ్చేదే, బైపోలార్ ఉన్నవారి పిల్లల్లో అత్యధికులకు ఆ జబ్బు రాదు.

ఈ చివరి మాటకు ఉదాహరణగా తాడిపత్రి నుంచి వచ్చిన పద్నాలుగేళ్ళ అబ్బాయిని చెప్పవచ్చు. చిన్నాన్నకు బైపోలార్ ఉంది, మూడ్‌ను నిలకడగా ఉంచే లిథియం వాడుతున్నాడు. ఈ అబ్బాయి రోజుకు నాలుగైదుసార్లు మండిపడటం, అంతలోనే నవ్వడం చూసి "పూటకో రకంగా మారుతున్నాడు, ఇది బైపోలారే" అని ఇంటివారు నిశ్చయించుకొని వచ్చారు. అతని కోపాన్ని ఒక వారం పాటు గడియారం పెట్టి రాయమన్నాము. ఫోన్ లాక్కున్నప్పుడు, హోంవర్క్ ముందు కూర్చోబెట్టినప్పుడు, వరుసలో ఆగమన్నప్పుడు మొదలై, పది పదిహేను నిమిషాల్లో చల్లారి, తర్వాత తల్లి కొంగు పట్టుకొని "ఇంగెప్పుడూ అట్ల చెయ్యనమ్మా" అనేదాకా వచ్చేది. యూకేజీ నుంచి ప్రతి ప్రోగ్రెస్ కార్డులోనూ ఒకే రకం మాట: తెలివైనవాడు, కుదురు లేదు. ఏటా మూడు నాలుగు టిఫిన్ బాక్సులు పోగొట్టాడు. పూటకు పూట మారడం బైపోలార్‌కు గుర్తు అని సినిమాల వల్లనో ఏమో చాలామంది నమ్ముతారు, నిజానికి అది దానికి వ్యతిరేకంగా చెప్పే ఆనవాలే. బైపోలార్ దశలను రోజులు, వారాల్లో లెక్కపెట్టాలి. ఆ అబ్బాయికి మిథైల్‌ఫెనిడేట్, తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చాము, కోపం సగానికి పైగా తగ్గింది.

ఎప్పుడూ చిరాకుగానే ఉండి, వారానికి మూడు నాలుగుసార్లు భగ్గుమనే పిల్లలు వేరే ఉన్నారు. వీరిలో లోయా ఉండదు, కొండా ఉండదు. అమెరికాలో ఒకప్పుడు ఇలాంటి పిల్లలకు కూడా బైపోలార్ అని రాయడం వల్ల 1994–95కూ 2002–03కూ మధ్య పిల్లల్లో ఆ నిర్ధారణతో జరిగిన వైద్య సందర్శనలు సుమారు నలభై రెట్లు పెరిగాయి. తర్వాత ఎలెన్ లైబెన్‌లుఫ్ట్ తదితర పరిశోధకుల అధ్యయనాల్లో వారిలో ఎక్కువమంది పెద్దయ్యాక కుంగుబాటు, ఆందోళనల వైపే వెళ్ళారుగానీ మేనియా వైపు వెళ్ళలేదని తేలడంతో, డీఎస్ఎమ్-5లో వారికి వేరే పేరు పెట్టారు. కాబట్టి కోపం ఎంత ఎక్కువగా ఉన్నా అది ఒక్కటే ఉంటే నేను బైపోలార్ అని రాయను. ప్రమాణాలు కూడా ఇదే జాగ్రత్త చెబుతాయి: ఉల్లాసం ఉన్నప్పుడు మరో మూడు లక్షణాలు చాలు, చిరాకు మాత్రమే ఉంటే నాలుగు కావాలి.

రెండూ ఉంటే, తేల్చలేకపోతే

ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లవాడికి పదిహేనేళ్ళకు మేనియా వస్తే చిక్కు పెరుగుతుంది, ఎందుకంటే అతను ఎప్పుడూ వాగుతాడు, ఎప్పుడూ తిరుగుతాడు. ఇలాంటప్పుడు లక్షణం ఉందా లేదా అని చూడకుండా, అతని మామూలు స్థాయి కంటే ఎంత పెరిగిందో చూడాలి. పాత వాగుడును కొత్త జబ్బు ఖాతాలో రాయకూడదు. రోజూ వాగే పిల్లవాడు ఇప్పుడు ఎవరినీ మాట్లాడనివ్వకుండా, గొంతు బొంగురుపోయేదాకా వాగుతుంటే, నిద్ర కూడా తగ్గి ఉంటే, అప్పుడు లెక్కలోకి తీసుకోవాలి. నిర్ధారణకు ముందు థైరాయిడ్ పరీక్ష చేయిస్తాము, ఎందుకంటే థైరాయిడ్ ఎక్కువైనా ఇలాంటి కంగారు, నిద్రలేమి వస్తాయి. గంజాయి గురించి ఏకాంతంలో అడుగుతాము, స్టెరాయిడ్ మందులు వాడారేమో, మూర్ఛలు వచ్చాయేమో తెలుసుకుంటాము.

తేల్చుకోలేని స్థితిలో ఏ మందు ముందు అన్నదే అసలైన ఎంపిక. నా సలహా ఒక్కటే: మేనియా అనుమానం బలంగా ఉంటే ముందు దాన్ని అదుపు చేయాలి, ఏడీహెచ్‌డీ మందు ఆగగలదు. ఏడీహెచ్‌డీకి రెండు నెలలు ఆలస్యంగా చికిత్స మొదలైతే చదువు కొంత దెబ్బ తింటుంది, అంతే. మేనియాను వదిలేసి మిథైల్‌ఫెనిడేట్ ఒక్కటే ఇస్తే మనిషి చేజారవచ్చు. స్వీడన్‌లో బైపోలార్ ఉన్నవారి మీద 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో, మూడ్‌ను నిలకడగా ఉంచే మందు లేకుండా మిథైల్‌ఫెనిడేట్ మొదలుపెట్టినవారిలో తొలి మూడు నెలల్లో మేనియా ప్రమాదం ఆరు రెట్లకు పైగా పెరిగింది. ఆ మందుతో కలిపి వాడినవారిలో పెరగలేదు. అందువల్ల రెండూ ఉన్నవారికి మిథైల్‌ఫెనిడేట్ నిషిద్ధం కాదు, వరుస ముఖ్యం. కుంగుబాటు మందుల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఆదోని వైపు అబ్బాయి వేసవిలో మంచం పట్టినప్పుడు ఎవరైనా కుంగుబాటు మందు ఒక్కటే రాసి ఉంటే, ఆ కొండ ఇంకా ముందే లేచి ఉండేదేమో.

"మందు వేస్తే ధ్యాస కుదిరింది కాబట్టి ఏడీహెచ్‌డీయే" అనడం కూడా సరికాదు. మిథైల్‌ఫెనిడేట్ జబ్బు లేనివారిలో కూడా కొంత ధ్యాసను పెంచగలదు. మరోవైపు, మాత్ర పని అయిపోయే సాయంత్రం వేళ రెండు గంటలపాటు చిరాకు పెరగడం నిజమైన ఏడీహెచ్‌డీ పిల్లల్లోనూ మామూలే; దాన్ని మేనియా అనుకొని భయపడనక్కరలేదు. రోజూ ఒకే వేళకు వచ్చి పోతుంటే అది మందు ప్రభావం. రాత్రీ పగలూ ఉంటూ, నిద్రను కూడా తగ్గిస్తుంటే అది మేనియా కావచ్చు.

డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు ఇంటివారు చేయగలిగిన అతి విలువైన పని రెండు వారాల పట్టిక. ఒక నోటుపుస్తకంలో పడుకున్న వేళ, నిద్ర పట్టిన వేళ, లేచిన వేళ, పగలు కునుకు తీశాడా, కోపం ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు ఆగింది, దానికి ముందు ఏం జరిగింది, ఏ మందు ఎప్పుడు వేశారు అన్నవి రాస్తే చాలు. దీనికి తోడు పాత ప్రోగ్రెస్ కార్డులు, రెండు మూడు నోటుపుస్తకాలు తీసుకురావాలి. అయితే పట్టిక కోసం ఆగకూడని సందర్భాలున్నాయి: రెండు మూడు రాత్రులు నిద్రే లేకుండా ఉత్సాహంగా తిరగడం, లేని గొంతులు వినిపించడం, చనిపోతానని అనడం, బండి తీసుకొని ఎటో వెళ్ళిపోవడం. అప్పుడు అదే రోజు తీసుకువెళ్ళాలి. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి, చిక్కుముడి వీడనివారిని బెంగళూరు నిమ్హాన్స్‌కు పంపుతాము; 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. సేద్యం చేసే ఇళ్ళలో పురుగుమందుల డబ్బాలకు ఆ రోజే తాళం వేయాలి, వీలైతే మరొకరి ఇంట్లో పెట్టాలి. ఉద్రేకం దిగి కుంగుబాటు మొదలయ్యే వారాల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం.

మన అబ్బాయికి మిథైల్‌ఫెనిడేట్ ఆపాము. ఆ మాత్ర వల్లే జబ్బు వచ్చిందని నేను అనుకోవడం లేదు, హాస్టల్ నుంచి ఫోన్ అంతకు ముందే వచ్చింది; మాత్ర దాన్ని ఎగదోసి ఉండవచ్చు. ఆసుపత్రిలో ఉంచి ఉద్రేకాన్ని దించే రిస్పెరిడోన్ ఇస్తే ఐదవ రాత్రి ఆరు గంటలు పడుకున్నాడు. తర్వాత లిథియం మొదలుపెట్టాము. ఆడపిల్ల అయినా లిథియం వైపే మొగ్గేవాడిని. మూడ్‌ను నిలకడగా ఉంచే మరో మందైన వాల్‌ప్రోయేట్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది, నెలసరిని, అండాశయాలను దెబ్బతీయగలదు కాబట్టి ఆడపిల్లలకు దాన్ని సాధ్యమైనంతవరకు తప్పించాలి. లిథియం వాడేవారికి రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం తీసి అందులో దాని స్థాయి చూడాలి, మొదట్లోనూ ఆ తర్వాత కొన్ని నెలలకు ఒకసారీ థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షలు చేయించాలి.

ఏడీహెచ్‌డీ అన్నది నిజమా కాదా అని తేల్చడానికి మూడ్ నిలకడగా ఉన్న ఆరు నెలల తర్వాత మళ్ళీ చూశాము. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పటి రసాయనశాస్త్రం నోటుపుస్తకం తెచ్చాడు, మార్జిన్లు గీసి ఉన్నాయి. ఏడీహెచ్‌డీ అన్న మాట కొట్టేశాను. ఏప్రిల్ నెలలో తండ్రి ఫోన్ చేసి, పిల్లవాడు పొలంలో ఎండలో పని చేసి వచ్చి వాంతులు చేసుకుంటున్నాడని, చేతులు వణుకుతున్నాయని, ఒళ్ళు నొప్పులకు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ ఇచ్చారని చెప్పారు. ఎండకు ఒంట్లో నీరు తగ్గినా, అలాంటి నొప్పి మాత్రలు వేసినా రక్తంలో లిథియం పెరుగుతుంది. ఆ రెండూ కలిశాయి. ఆ పూట లిథియం ఆపి, వెంటనే రక్త పరీక్షకు రమ్మన్నాను. అప్పటి నుంచి వాళ్ళ ఇంటి గోడ మీద క్యాలెండర్ పక్కన ఒక కాగితం అతికించి ఉంది: ఎండలో పోతే నీళ్ళ బాటిల్, మజ్జిగలో ఉప్పు, నొప్పికి పారాసెటమాల్ తప్ప మరొకటి వద్దు. రాసింది ఆ అబ్బాయే, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి.